బాలింత పథ్యం: వేడి, చలవ

పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయి పదకొండో రోజు నీళ్ళు పోసుకుని వచ్చి పీటమీద కూర్చున్నది. కంచంలో పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, కాచిన నెయ్యి. అంతకుముందే ఉసిరికాయంత కాయం ముద్ద తినిపించారు. అమ్మాయి నెమ్మదిగా అడిగింది.

"అమ్మమ్మా, ఒక్క గరిటెడు పెరుగు వెయ్యవూ? నోరంతా మండిపోతున్నది."

"బాగానే వుంది! పచ్చి బాలింతవు, పెరుగు తింటావుటే? చలవ చేసి నీకు జ్వరం వస్తే నేనేం చెయ్యను? పాలు తాగే పసిగుడ్డుకు జలుబు చెయ్యదూ?"

"పోనీ కాసిని మంచినీళ్ళు?"

"అన్నం తిన్నాక గోరువెచ్చనివి రెండు గుక్కలు తాగు. ఎక్కువ తాగితే పొట్ట జారుతుంది."

ఈ సంభాషణ జరగని ఇల్లు మన దేశంలో అరుదు. మంచినీళ్ళ సంగతి ఒకరింట్లో ఒకవిధంగాను, పప్పు సంగతి మరొకరింట్లో మరొకవిధంగాను వుండవచ్చు. ఒకరు కందిపొడి పెడతారు, ఒకరు పప్పు వాతమని దగ్గరికి రానివ్వరు. కాని మూలసూత్రం ఒకటే: పురుడు వచ్చిన ఒళ్ళు చల్లబడి వుంటుంది, దానికి వేడి చేసేవే పెట్టాలి, చలవ చేసేవి పెట్టకూడదు. ఇందులో నిజమెంత, ప్రమాదమెంత అన్నది తెలుసుకోవటం ప్రతి ఇంటికీ అవసరం. ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే దాని ఫలితం అనుభవించేది తల్లి ఒక్కతే కాదు.

ఏది వేడి, ఏది చలవ?

మనం వేడి, చలవ అనేది పొయ్యిమీది వేడి కాదు. ఆయుర్వేదం పదార్థానికి వీర్యమనే గుణాన్ని చెప్పి, ఉష్ణవీర్యమనీ శీతవీర్యమనీ రెండు తరగతులు చేసింది. శాస్త్రానికి ఆ పద్ధతి వున్నది. అయితే మన వంటిళ్ళలో వాడే జాబితా ఆ శాస్త్రం ప్రకారం వున్నదా అంటే, అదీ లేదు. పెరుగు చలవ అని మనం అంటాం. చరకసంహిత పెరుగును ఉష్ణమన్నది. గోధుమలు వేడి చేస్తాయని మన వైపు అంటారు. సంహిత గోధుమను శీతమన్నది. అంటే అమ్మమ్మ చెప్పేది శాస్త్రం కాదు, వాళ్ళ అమ్మమ్మ చెప్పిన మాట.

మరి నేటి పోషకాహార శాస్త్రం ఏమంటుంది? ఏ ఆహారం తిన్నా జీర్ణం కావటంలో కొంత వేడి పుడుతుంది. మాంసకృత్తులకు ఎక్కువ, పిండిపదార్థాలకు తక్కువ, కొవ్వుకు మరీ తక్కువ. మిరపకాయలోని ఘాటు, వేడిని గుర్తుపట్టే నాడుల కొసలనే తట్టి లేపుతుంది కాబట్టి నోరు నిజంగా కాలినట్లే వుంటుంది, చెమట పడుతుంది. కాని వీటిలో ఏదీ ఒంట్లో రోజుల తరబడి నిలిచిపోయే వేడి కాదు. పెరుగు తిన్న తల్లి ఒళ్ళు చల్లబడదు, ఆమె పాలు చల్లబడవు. వెల్లుల్లి తిన్న తల్లి పాలకు ఆ వాసన వస్తుందన్నది మాత్రం నిజం. వాసన వెళుతుంది గాని వేడి, చలవ వెళ్ళవు. ఇక బిడ్డకు జలుబు అంటుకునేది చాలావరకు చుట్టూ వున్నవాళ్ళ ముక్కులనుంచి, చేతులనుంచి. తల్లి తిన్న పెరుగునుంచి కాదు.

ఆ భయం ఎక్కడినుంచి వచ్చింది?

అమ్మమ్మను చూసి నవ్వటం తేలిక. కాని ఆమె భయం ఉత్త భయం కాదు. పూర్వం పురుడు వచ్చిన మూడో రోజునో నాలుగో రోజునో చలితో వణికి, జ్వరం వచ్చి, సంధి మాటలు మాట్లాడుతూ బాలింతలు చనిపోవటం ప్రతి వూళ్ళోను చూసినదే. చలి పుట్టి జ్వరం వచ్చింది కాబట్టి చలవే కారణమనుకున్నారు. అసలు కారణం పురుడు పోసిన చేతులు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, పురుళ్ళు పోసేముందు చేతులను క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్ళతో కడుక్కోవాలని కట్టడి చేశాడు. అంతకుముందు ఏప్రిల్ నెలలో నూటికి పద్దెనిమిదిమంది తల్లులు పోయిన వార్డులో, జూను నాటికి చావులు నూటికి ఇంచుమించు రెండుకు దిగాయి. తల్లుల తిండిలో ఆయన మార్పేమీ చెయ్యలేదు.

కాబట్టి ఈనాడు కూడా బాలింతకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, మైల దుర్వాసన వేసినా ఏం తిన్నదని ఆరా తీస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పథ్యం మారలేదు, బియ్యం మారింది

భయం తప్పు కారణాన్ని పట్టుకోవటంవల్ల పెద్ద నష్టమేమిటని అడగవచ్చు. నాలుగు వారాలు పెరుగు తినకపోతే ఏమైంది? ఇక్కడే మన తెలుగుదేశానికి సంబంధించిన ఒక విషాద చరిత్ర వున్నది.

ఉత్తర సర్కారులని పిలిచిన మన కోస్తా జిల్లాలు ఒకప్పుడు బెరిబెరి వ్యాధికి పేరుపడ్డవి. పక్కనున్న తమిళ జిల్లాలలో ఆ జబ్బు అంతగా లేదు. కారణం బియ్యంలో కనిపించింది. వాళ్ళు ఎక్కువగా ఉప్పుడు బియ్యం తినేవారు, మనవాళ్ళు మరలో తెల్లగా పాలిషు పట్టిన పచ్చి బియ్యం తినేవారు. బియ్యపు తవుడులోను, మొలకలోను థయమిన్ అనే బి-1 విటమిను వుంటుంది. మర ఆ రెండింటినీ గీకిపారేస్తుంది. ధాన్యాన్ని ముందుగా నానబెట్టి ఉడకబెడితే ఆ విటమిను గింజలోపలికి ఇంకుతుంది. తరవాత మర ఆడించినా చాలావరకు నిలుస్తుంది. 1918లో కూనూరులో మెక్కారిసన్ ఆధ్వర్యాన బెరిబెరి విచారణ అని ఒక చిన్న గదిలో ప్రారంభమైన పనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఆ జబ్బులో అన్నిటికన్నా దారుణమైనది పసిపిల్లలకు వచ్చే బెరిబెరి. తల్లి పైకి బాగానే వుంటుంది. పాలు సమృద్ధిగానే పడతాయి. కాని ఆ పాలలో థయమిన్ వుండదు. బొద్దుగా వున్న రెండు మూడు నెలల బిడ్డ ఉన్నట్టుండి పాలు మానేస్తాడు, వాంతులు చేసుకుంటాడు, ఎగవూపిరి వస్తుంది. గొంతు బొంగురుపోయి, ఏడుస్తున్నట్లు నోరు తెరిచినా ధ్వని రాదు. గుండె దెబ్బతిని కొద్ది గంటలలోనే ప్రాణం పోవచ్చు.

ఇప్పుడు అమ్మమ్మ కంచం లెక్క చూద్దాం. బాలింతకు రోజుకు సుమారు 2 మిల్లీగ్రాముల థయమిన్ కావాలి. పాలిషు పట్టిన పచ్చి బియ్యం 100 గ్రాములలో వుండేది 0.06 మిల్లీగ్రాము. రోజుకు 350 గ్రాముల బియ్యం వండితే 0.21 వస్తుంది. నాలుగు నీళ్ళు కడిగి, గంజి వార్చేస్తే అందులో సగమో అంతకన్న ఎక్కువో కాలువ పాలవుతుంది. మిగిలేది 0.1. నెయ్యిలో ఈ విటమిను లేదు, వెల్లుల్లి తినే పాటిదానిలో వున్నది లెక్కకు రాదు. పప్పు వాతమని మాన్పించారు, కూరలు చలవని మాన్పించారు. అవసరంలో ఇరవయ్యో వంతు కూడా అందలేదన్నమాట.

మన ముత్తవ్వల కాలంలో కూడా ఇదే పథ్యం వుండి వుండవచ్చు. కాని వాళ్ళు తిన్నది ఇంట్లో రోకటితో దంచిన బియ్యం. దానిలో 100 గ్రాములకు 0.21 దాకా థయమిన్ వుంటుంది. మర వచ్చింది, పథ్యం అలాగే వున్నది.

ఇది మనకే పరిమితమైన ముచ్చట కాదు. లావోస్ దేశంలో బాలింతకు వేడి చెయ్యాలని వారాల తరబడి తెల్ల అన్నం, ఉప్పు, అల్లపు జాతి దుంపలు మాత్రమే పెట్టే ఆచారం వున్నది. అక్కడ పసిపిల్లల బెరిబెరి ఈ శతాబ్దంలో కూడా కనిపించింది. కాశ్మీరులో సైతం పథ్యం తినే తల్లుల పాలు తాగిన పసిబిడ్డలలో ఇదే లోపాన్ని ఇటీవలి సంవత్సరాలలో డాక్టర్లు గుర్తించారు. సకాలంలో థయమిన్ ఇంజెక్షన్ ఇస్తే చావుబతుకుల్లో వున్న బిడ్డ గంటలలో తేరుకుంటాడు. అయితే ఇవే లక్షణాలు మరికొన్ని జబ్బులకూ వుంటాయి కాబట్టి అది డాక్టరు తేల్చవలసిన సంగతి.

అమ్మమ్మను నొప్పించకుండా

వేడి చేసేవే పెట్టాలన్న పట్టుదల వున్న ఇంట్లో కూడా మార్గం వున్నది. నువ్వులు వేడి అని అందరూ ఒప్పుకుంటారు. 100 గ్రాముల నువ్వులలో థయమిన్ దాదాపు 1 మిల్లీగ్రాము. వేరుశెనగ పప్పులో 0.9. కందిపప్పులో 0.45.

ఇదే 350 గ్రాముల బియ్యం ఉప్పుడు బియ్యమో దంపుడు బియ్యమో వాడి, ఒకటి రెండు నీళ్ళు మాత్రమే కడిగి, గంజి వార్చకుండా అత్తెసరు పెడితే 0.7 వస్తుంది. రోజంతటిమీద 75 గ్రాముల కందిపప్పు, కొంత ముద్దపప్పుగా, కొంత కందిపొడిగా పెడితే 0.34. నువ్వులూ వేరుశెనగపప్పూ చెరి 30 గ్రాములు బెల్లంతో ఉండ చేసి పెడితే సుమారు 0.57. అర లీటరు పాలు వేడిగానే ఇస్తే మరొక 0.25. అన్నీ కలిపితే 1.86. వండటంలో కొంత పోయినా బీర, పొట్ల, ఆకుకూరలు ఆ లోటు చాలావరకు పూడుస్తాయి. కాయం ముద్ద మానిపించనక్కరలేదు. అందులోని సొంఠి, పిప్పళ్ళు, వాము మితంగా తింటే నష్టం లేదు. బెల్లం, నెయ్యి బలమే. అది అన్నానికి తోడుగా వుండాలి గాని అన్నం బదులు కాకూడదు.

ఇక మంచినీళ్ళు. పాలిచ్చే తల్లి రోజుకు ముప్పాతిక లీటరు పాలిస్తుంది. అందులో నూటికి 87 వంతులు నీరే. తల్లి తాగకపోయినా ఆ పాలు పడుతూనే వుంటాయి. నీరు ఆమె ఒంటిలోనుంచి పోతుంది. తలనొప్పి, మలబద్ధకం, ముదురు పసుపు రంగు మూత్రం దాని గుర్తులు. "వేడి చేసింది" అని మళ్ళీ మనమే అంటాం! పొట్ట జారటానికి కారణం సాగిన కండరాలు, నీళ్ళు కావు. దాహం తీరేదాకా తాగాలి. కాచి చల్లార్చినవి కావాలంటే అలాగే, గోరువెచ్చగా కావాలంటే అలాగే. చెంబు మాత్రం మంచం పక్కనే వుండాలి.

చివరకు ఆ ఇంట్లో ఏమైందంటారా? అమ్మమ్మ పెరుగు వెయ్యలేదు. కాని నువ్వుల ఉండలు చెయ్యటానికి వెంటనే ఒప్పుకున్నది. "వేడి వస్తువేగా, దానికేం?" అన్నది. మర్నాడు ముద్దపప్పు కూడా వేసింది, ఇంత ఇంగువ తగిలించి, వాతం విరుగుతుందని. మూడోవారంలో మజ్జిగ వచ్చింది, శొంఠి పొడి కలుపుకుని.