పరిచయాల గొలుసుతో సేకరించిన నమూనా ఏం చెప్పగలదు?

స్నోబాల్ శాంప్లింగ్ అంటే ఒకరి ద్వారా ఇంకొకరిని చేరుకుంటూ పోయే పద్ధతి. పరిశోధకుడు ముందుగా దొరికిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడతాడు. వాళ్లు తమలాంటి మరికొందరి పేర్లు చెబుతారు, ఆ కొందరు ఇంకొందరిని చూపిస్తారు. కన్వీనియెన్స్ శాంప్లింగ్‌లో ఈ గొలుసు కూడా ఉండదు. తరగతిలో కూర్చున్న విద్యార్థులు, ఆస్పత్రి ఓపీకి వచ్చినవాళ్లు, వాట్సాప్ గ్రూపులో పెట్టిన గూగుల్ ఫారం నింపినవాళ్లు, ఇలా చేతికి అందినవాళ్లే నమూనా అవుతారు. రెండింటిదీ ఒకటే లోటు. ఒక మనిషి ఈ నమూనాలోకి వచ్చే అవకాశం ఎంతో ఎవరూ చెప్పలేరు. ఓటర్ల జాబితా నుంచి చీటీలు తీసినట్టు తీస్తే ఆ అవకాశం తెలుస్తుంది. 'ఇంత శాతం, అటూ ఇటూ ఇంత' అనే లెక్క దాని మీదే నిలబడుతుంది.

అయినా జాబితా అనేదే లేని మనుషులు ఉంటారు. అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు పాట్రిక్ బియర్నాకీ, డాన్ వాల్డార్ఫ్ హెరాయిన్‌కు బానిసలై, ఏ చికిత్సా లేకుండా మానేసినవాళ్లను వెతికారు. అలాంటివాళ్లు చికిత్స కేంద్రాల రికార్డుల్లో ఉండరు, తమ గతాన్ని బయటపెట్టుకోరు. గొలుసు తప్ప దారి లేదు. ఆ అనుభవం మీద 1981లో వాళ్లు రాసిన వ్యాసం ఈ పద్ధతికి ఇప్పటికీ మంచి పాఠం. గొలుసు దానంతట అది సాగదని, దాన్ని నడిపించాలని వాళ్లు చెప్పారు. పరిచయమైన ప్రతి మనిషీ నిజంగా అధ్యయనానికి తగినవాడేనా అని సరిచూసుకోవాలి. గొలుసు ఒకే స్నేహబృందంలో తిరుగుతూ ఉండిపోకుండా కొత్త చోట్ల మొదలుపెట్టాలి.

చికిత్స లేకుండా మానేసినవాళ్లు ఉన్నారని, వాళ్లు ఏ దారుల్లో మానేశారని ఇలాంటి అధ్యయనం గట్టిగా చెప్పగలదు. 'ఉన్నారు' అనడానికి కొందరు చాలు. బానిసల్లో ఎంత శాతం అలా మానేస్తారో మాత్రం చెప్పలేదు. పాత స్నేహాలన్నీ తెంచుకుని ఊరు మారి బాగుపడినవాడి పేరు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి, అతను గొలుసుకు దొరకడం కష్టం. అంటే బాగుపడే ఒక ముఖ్యమైన దారే లెక్కలో తగ్గిపోవచ్చు.

ఈ తేడా ఎంత పెద్దదో ఒక ఊహాత్మక లెక్కలో చూడొచ్చు. ఒక నగరంలో ఇంటిపని చేసేవాళ్లలో సగం మంది అపార్ట్‌మెంట్లకు వచ్చి వెళ్లేవాళ్లు, ఒక్కొక్కరికి 20 మంది తోటి పనివాళ్లతో పరిచయం ఉందనుకుందాం. మిగతా సగం యజమాని ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు, పరిచయాలు ఇద్దరితోనే. గొలుసు చాలా దూరం సాగితే మనిషి అందులోకి వచ్చే అవకాశం పరిచయాలను బట్టి పెరుగుతుంది. కాబట్టి నమూనాలో ప్రతి 11 మందిలో 10 మంది మొదటి రకమే ఉంటారు. జీతం బకాయి మొదటి రకంలో 10 శాతం మందికి, రెండో రకంలో 60 శాతం మందికి ఉంటే, నగరం మొత్తం మీద అసలు సంఖ్య 35 శాతం. నమూనా చూపించేది దాదాపు 15 శాతం. ఎక్కువ బాధ పడుతున్నవాళ్లే కనిపించకుండా పోతారు.

దీన్ని సరిదిద్దడానికి అమెరికాకే చెందిన డగ్లస్ హెకథార్న్ 1997లో ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. ప్రతి ఒక్కరికీ కొన్ని కూపన్లే ఇచ్చి, ఎవరు ఎవరిని తెచ్చారో రాసుకుంటారు. ఆ పద్ధతి తర్వాత పెరిగిన రూపంలో, ఎక్కువ పరిచయాలున్నవాళ్ల జవాబుకు తక్కువ బరువు, తక్కువ పరిచయాలున్నవాళ్లకు ఎక్కువ బరువు ఇస్తారు. పై లెక్కలో అలా చేస్తే 35 శాతం తిరిగి వస్తుంది. అయితే మనుషులు తమ పరిచయాల సంఖ్యను సరిగ్గా చెప్పాలి, పరిచయస్తుల్లో ఎవరినో ఒకరిని పక్షపాతం లేకుండా పిలవాలి, సమూహమంతా ఎక్కడో ఒకచోట కలిసి ఉండాలి. నిజ జీవితంలో ఇవన్నీ నెరవేరాయని చూపించడం కష్టం.

చేతికి అందినవాళ్లతో చేసిన సర్వేలకు ఈ పాటి సవరణ కూడా ఉండదు. గూగుల్ ఫారానికి 400 జవాబులు వస్తే 'అటూ ఇటూ 5 శాతం' అని రాసే పేపర్లు ఉన్నాయి. ఆ సూత్రం యాదృచ్ఛికంగా తీసిన 400 మందికే వర్తిస్తుంది. చాలా పేపర్లలో పరిమితుల పేరాలో కనిపించే 'శాంపిల్ చిన్నది' అన్న మాట కూడా అసలు లోపాన్ని దాచేస్తుంది. 1936లో అమెరికా పత్రిక 'లిటరరీ డైజెస్ట్'కు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి తీసుకున్నవి. లాండన్ గెలుస్తాడని పత్రిక చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు.

పేపర్ చదివేవాళ్లు ముందు పద్ధతి పేరా చూసి, ఆ తర్వాత శీర్షికనూ ముగింపునూ చూడాలి. పద్ధతిలో వాట్సాప్ గ్రూపు, ముగింపులో 'తెలంగాణ యువతలో 68 శాతం' అని ఉంటే ఆ శాతాన్ని ఆ గ్రూపు వరకే నమ్మాలి.