రిఫండ్ కోసం చూస్తుంటే ఉత్తరం వచ్చింది

అమెరికాలో ఆదాయపు పన్ను రిటర్న్ ఆన్‌లైన్‌లో వేసి, రిఫండ్ నేరుగా బ్యాంకు ఖాతాలో పడేలా పెట్టుకుంటే, మామూలుగా మూడు వారాల్లో డబ్బు వచ్చేస్తుంది. కొందరికి మాత్రం ఆ మూడు వారాలూ గడిచినా డబ్బు రాదు, ఒక కవరు వస్తుంది. పంపింది ఐఆర్ఎస్, అంటే అక్కడి పన్నుల శాఖ. ‘మీ పేరుతో, మీ నంబరుతో ఒక రిటర్న్ మా దగ్గరకు వచ్చింది. అది వేసింది మీరేనా? చెప్పేదాకా దాని జోలికి వెళ్లం’ అన్నది అందులోని సారాంశం. ఉత్తరం మీద 5071C అనో 4883C అనో 5747C అనో ఒక సంఖ్య ఉంటుంది.

డాలస్, న్యూజెర్సీ వైపు ఉండే మన పిల్లలు ఈ కవరు చూడగానే తప్పేదో పట్టుబడిందని, వీసాకు ముప్పు వచ్చిందని బెంబేలెత్తిపోతారు. ఇది ఆడిట్ కాదు, జరిమానా నోటీసు కాదు. ఇతరుల సోషల్ సెక్యూరిటీ నంబరు దొంగిలించి, లేని జీతం చూపించి, అసలు మనిషి కంటే ముందే రిటర్న్ వేసి రిఫండ్ కొట్టేసే ముఠాలు అక్కడ ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని ఆపడానికి వచ్చిన ప్రతి రిటర్న్‌నూ ఐఆర్ఎస్ కంప్యూటర్లు వడపోస్తాయి. ఆ జల్లెడలో నిజాయతీగా వేసినవీ చిక్కుతుంటాయి. మీది ఎందుకు చిక్కిందో ఉత్తరంలో రాయరు. రాస్తే తెలివి మీరేది దొంగలే కదా.

అసలు తంటా ఏమిటంటే, దొంగలు కూడా అచ్చం ఇలాంటి కాగితమే అచ్చు వేయగలరు. ఐఆర్ఎస్ అధికారులమంటూ అమెరికా వాళ్లకు ఫోన్లు చేసి బెదిరించి డబ్బు గుంజిన కాల్ సెంటర్ల మీద ముంబై పక్కన మీరా రోడ్‌లో 2016లో పోలీసులు దాడి చేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాబట్టి వచ్చింది అసలో నకిలీయో ముందు తేల్చుకోవాలి. ముద్రలు, సంతకాలు, కాగితం నాణ్యత చూసి తేల్చాలనుకోవడం వృథా. దానికంటే నమ్మకమైన దారి ఒకటుంది: ఉత్తరంలోని లింకు, క్యూఆర్ కోడ్ ముట్టుకోకుండా, బ్రౌజరులో irs.gov అని మీరే టైపు చేయండి. అక్కడి వెతుకు పెట్టెలో ఉత్తరం మీది సంఖ్య కొడితే దాని గురించిన పేజీ వస్తుంది. ఎలా జవాబివ్వాలో అక్కడ ఉంటుంది. అది ఉత్తరంలోని దానితో సరిపోవాలి. ఫోన్ నంబరునూ అలాగే సరిచూసుకున్నాకే డయల్ చేయాలి. ఈ విషయంలో ఐఆర్ఎస్ మొదటి పలకరింపు పోస్టులోనే వస్తుంది. మెయిల్‌లోనో, ఎస్ఎంఎస్‌లోనో, వాట్సాప్‌లోనో ‘మీ రిటర్న్ ధ్రువీకరించండి’ అని వచ్చిందంటే చదవాల్సిన పని కూడా లేదు. ధ్రువీకరణకు ఫీజు అడిగినా, గిఫ్ట్ కార్డు మాట ఎత్తినా, బ్యాంకు పాస్‌వర్డ్ కావాలన్నా అక్కడితో ఆపేయాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. టెక్సస్‌లో ఎం.ఎస్. ముగించి ఓపీటీ మీద ఉద్యోగంలో చేరిన గుంటూరు కుర్రాడు ఉన్నాడనుకోండి. 2024లో అతని జీతం 41,300 డాలర్లు, అందులోంచి కంపెనీ పట్టుకున్న ఫెడరల్ పన్ను 4,150. భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందం వల్ల మన దేశపు విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. ఆ సంవత్సరానికి అది 14,600. అది తీసేస్తే కట్టాల్సిన పన్ను 2,975కు దిగుతుంది, 1,175 డాలర్లు వెనక్కి రావాలి. హైదరాబాద్‌లోని ఒక ఫైలింగ్ సంస్థ అతని తరఫున 1040-ఎన్ఆర్ ఫారం వేసింది. నెల తర్వాత 5071C వచ్చింది.

ఇప్పుడతను ముందు చేయాల్సింది, వేసిన రిటర్న్ పూర్తి ప్రతిని ఎదురుగా పెట్టుకోవడం. చాలామంది కంపెనీ ఇచ్చే డబ్ల్యూ-2 పట్టుకుని ఇదే రిటర్న్ అనుకుంటారు. అది జీతం కాగితం మాత్రమే. ప్రశ్నలు రిటర్న్‌లోని అంకెల మీద ఉంటాయి. అంతకుముందు ఏడాది రిటర్న్ ఉంటే అదీ పక్కన పెట్టుకోవాలి. తర్వాత irs.gov/verifyreturn పేజీకి వెళ్లాలి. ఐడి.మీ అనే సంస్థ ద్వారా లాగిన్ అవ్వాలి, అంటే ఫోటో గుర్తింపు కార్డు స్కాన్ చేసి సెల్ఫీ దిగాలి. కొత్తగా వెళ్లినవాళ్లకు ఇక్కడే ఒక్కోసారి అడ్డుపడుతుంది. ఫోను స్నేహితుల ఫ్యామిలీ ప్లాన్‌లో ఉండవచ్చు, చేతిలో మన పాస్‌పోర్టు తప్ప వేరే కార్డు లేకపోవచ్చు. అప్పుడు ఐడి.మీ వాళ్లతో వీడియో కాల్‌లో కార్డులు చూపించవచ్చు, లేదా ఆన్‌లైన్ వదిలేసి ఉత్తరంలోని నంబరుకు ఫోన్ చేయవచ్చు. లైను దొరకడానికి ఓపిక కావాలి, ఉదయాన్నే ప్రయత్నించడం మేలు. 5747C వచ్చినవాళ్లను ఐఆర్ఎస్ కార్యాలయానికి స్వయంగా రమ్మనడమూ ఉంది. దానికి ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

‘అవును, నేనే వేశాను’ అనే ముందు ఒక్క క్షణం ఆగాలి. ఆ ఫైలింగ్ సంస్థ అతనికి చెప్పిన రిఫండ్ 1,175. ప్రతిలో 3,900 అని, ఎన్నడూ ఇవ్వని విరాళాలు చూపించి ఉంటే? రిఫండ్ వెళ్లే ఖాతా నంబరు తనది కాకపోతే? రిటర్న్ వేసింది తన అనుమతితోనే, కానీ అంకెలు తనవి కావు. అలాంటప్పుడు ఆన్‌లైన్‌లో అవునని నొక్కడం కాదు, ఫోన్‌లో అధికారికి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఏజెంటు పంపిన సంతకం ఫారాన్ని చదవకుండా ఓకే చేసే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. సంతకానికి ముందే పూర్తి ప్రతి అడిగి తీసుకోవడం మీ హక్కు. ఆ ఏజెంటే ‘నేను చూసుకుంటాలే, లాగిన్ వివరాలు ఇవ్వు’ అంటే ఇవ్వకూడదు. ఫోన్ కాల్‌లో ఆయన్ను తోడు పెట్టుకోవచ్చు గానీ, లైనులో మీరు ఉండాల్సిందే.

రిటర్న్ అసలు వేయనే లేదనుకోండి, ‘కాదు’ అని చెప్పడానికి కూడా దారి ఇదే. ఆ దొంగ రిటర్న్‌ను ఐఆర్ఎస్ పక్కన పెడుతుంది. తర్వాత మీ అసలు రిటర్న్ వేయాలి. మీ నంబరు అప్పటికే వాడేశారు కాబట్టి ఆన్‌లైన్‌లో తిరస్కరిస్తే కాగితం మీద నింపి పోస్టులో పంపాలి. ఐడెంటిటీ దొంగతనానికి 14039 అనే ఫిర్యాదు ఫారం ఒకటుంది. ఈ ఉత్తరం వచ్చినవాళ్లు ఐఆర్ఎస్ అడిగితే తప్ప దాన్ని వేయనక్కర్లేదు.

జవాబుకు గడువు ఉత్తరం తేదీ నుంచి 30 రోజులు. ఊరుకుంటే రిటర్న్ అలాగే ఆగిపోతుంది, రిఫండూ ఆగిపోతుంది. కంగారులో రెండో రిటర్న్ వేస్తే చిక్కుముడి ఇంకా బిగుస్తుంది. ధ్రువీకరణ అయ్యాక రిఫండ్‌కు తొమ్మిది వారాల దాకా పట్టవచ్చు. ఈలోగా రోజూ ఫోన్ చేసి ఉపయోగం లేదు.

ఇల్లు మారినవాళ్లకూ, ఉద్యోగం వదిలి ఇండియా వచ్చేసినవాళ్లకూ ఇంకో ఇబ్బంది ఉంది. ఉత్తరం రిటర్న్‌లో రాసిన పాత అపార్ట్‌మెంటుకే పోతుంది. రూమ్మేటు దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టకుండా మీకొక్కరికే పంపమనండి. కొత్త చిరునామాను 8822 ఫారంతో తెలియజేయవచ్చు. వచ్చే ఏడాది ఈ బెడద తగ్గాలంటే ఐఆర్ఎస్ ఖాతాలోంచి ఐపీ పిన్ తీసుకోవచ్చు. ఆ ఆరంకెల సంఖ్య లేకుండా మీ నంబరుతో వచ్చే ఆన్‌లైన్ రిటర్న్‌ను ఐఆర్ఎస్ తీసుకోదు. దాని ఆయుష్షు ఒక్క ఏడాది, ప్రతి జనవరిలో కొత్తది తీసుకోవాలి. మీ రిటర్న్ వేసేవారికి, అదీ వేసే రోజున మాత్రమే చెప్పాలి.