చందమామకు గుడి ఎందుకు కడుతుంది?

విశాఖలో ఉక్కపోసే రాత్రి కూడా ఒక్కోసారి చందమామ చుట్టూ పెద్ద వలయం కనిపిస్తుంది. పెద్దవాళ్లు ‘గుడి కట్టింది’ అంటారు. పిల్లలూ, ఆ గుడి కట్టేది మంచు! ఇంత వేడి ఊళ్లో మంచేమిటి అంటారా? పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తులోని పలచని మేఘాల్లో నీరు గడ్డకట్టి, ఆరు పలకల పెన్సిల్ ముక్కల్లాంటి సన్నని స్ఫటికాలవుతుంది. వెన్నెల ఒక పలకలోంచి దూరి, పక్కదాన్ని వదిలి, ఆ తర్వాతి పలకలోంచి బయటికొస్తుంది. ఆ దారిలో వెలుగు సుమారు 22 డిగ్రీలకు తక్కువ వంగదు. ఎక్కువ వెలుగు ఆ కోణం దగ్గరే పోగవుతుంది. అందుకే వలయం ఏర్పడుతుంది, దాని లోపలి ఆకాశం కాస్త చీకటిగా ఉంటుంది.

పోర్టు దుమ్మో, ఉక్కు కర్మాగారం పొగో ఇలా చేస్తోందేమో అని అనుమానం రావచ్చు. కానీ ఆ రేణువులకు ఇలాంటి నున్నని ఆరు పలకలు ఉండవు, కాబట్టి వాటివల్ల ఎప్పుడూ ఒకే కొలతలో ఉండే ఇలాంటి వలయం రాదు. ఆ కొలత చూడాలంటే చేయి చాచి, వేళ్లు బాగా విప్పి, బొటనవేలిని చంద్రుడి మీద ఉంచండి. చిటికెనవేలు దాదాపు వలయాన్ని అందుకుంటుంది. చంద్రుణ్ని అంటుకున్న చిన్న రంగుల వెలుగైతే అది సాధారణంగా నీటి బిందువుల పని. పగలు కూడా మంచు ఇలాంటి వింత చేస్తుంది: బిళ్లల్లాంటి మంచు స్ఫటికాలు అడ్డంగా పరుచుకుని రాలితే, సూర్యుడు కిందికి ఉన్న వేళ అతనికి రెండు పక్కలా మెరుపు మచ్చలు కనిపిస్తాయి. వాటిని వెతికేటప్పుడు సూర్యుణ్ని గోడ చాటున ఉంచండి, నేరుగా ఎప్పుడూ చూడకండి.