కదిలింది బంతా? కెమెరానా?

హాస్టల్ టీవీ హాల్లో ఎల్బీడబ్ల్యూ అప్పీలు వచ్చినప్పుడల్లా మనలో సగం మంది అంపైర్లమే. "బంతి బయటికి పోతోంది" అని ఒకరు, "మిడిల్ స్టంప్‌కే తగులుతుంది" అని ఇంకొకరు. టీవీలో కనిపించే వీడియోను బట్టి బంతి దారిని మనమే లెక్కగట్టవచ్చా? పీజీలో మేము కొందరం కలిసి ఈ ప్రశ్న మీదే పనిచేశాము. మాకు తెలిసింది తమ్ముళ్లకు చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాము.

వీడియో అంటే వరుసగా తీసిన ఫోటోలే. సెకనుకు 50 బొమ్మలు ఉన్నాయనుకుందాం. పిచ్ తాకిన తర్వాత బంతి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వెళితే, ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య సుమారు 67 సెంటీమీటర్లు పోతుంది. ప్రతి బొమ్మలో బంతి ఎక్కడుందో గుర్తించి, ఆ చుక్కలను కలిపితే దారి వస్తుంది. బొమ్మలోని ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. ఎడమ అంచు నుంచి ఎన్నో పిక్సెల్ అన్నదే బంతి స్థానం.

సెంటీమీటర్లలోకి మార్చడానికి స్టంపులే మనకు స్కేలు. వాటి ఎత్తు 71 సెంటీమీటర్లు. తెరమీద 71 పిక్సెళ్ల ఎత్తు కనిపిస్తే, అక్కడ ఒక పిక్సెల్ అంటే ఒక సెంటీమీటరు.

చిక్కు ఎక్కడంటే, బౌలర్ వెనుక ఎత్తులో ఉండే కెమెరాను కెమెరామన్ తిప్పుతూనే ఉంటాడు. బంతి ఎటు వెళుతుందో ఊహించి ముందే కదిలిస్తాడు. కెమెరా కుడివైపు తిరిగితే తెరమీద మైదానమంతా ఎడమవైపు జరుగుతుంది. బంతి కూడా దాంతోపాటే జరుగుతుంది.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. బంతి స్టంపులకు 4 మీటర్ల ముందు పిచ్ అయింది. అప్పటి నుంచి ప్యాడ్‌కు తగిలేవరకు ఐదు బొమ్మల్లో బంతి స్థానాలు ఇవి: 964, 963, 961, 958, 954. మొదటి బొమ్మలో మిడిల్ స్టంప్ 960 దగ్గర ఉంది. బంతి మొదట ఒకటి, తర్వాత రెండు, మూడు, నాలుగు పిక్సెళ్లు ఎడమకు జరిగింది. ప్యాడ్ నుంచి స్టంపులకు ఇంకా రెండు బొమ్మల దూరం ఉంది. ఇదే వరుసలో ఐదు, ఆరు జరిగితే 943కు చేరుతుంది. అంటే మిడిల్ స్టంప్‌కు 17 సెంటీమీటర్లు ఎడమకు. మూడు స్టంపుల మొత్తం వెడల్పులో సగం 11.4, బంతి వెడల్పులో సగం 3.6, కలిపితే 15. కాబట్టి కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు బంతి ఆఫ్ స్టంప్ బయటినుంచి పోతుంది, నాటౌట్!

ఇప్పుడు అవే ఐదు బొమ్మల్లో మిడిల్ స్టంప్ స్థానం కూడా రాసుకుందాం: 960, 959, 957, 954, 950. స్టంప్ నడవదు కదా! కదిలింది కెమెరా. బంతి స్థానంలోంచి స్టంప్ స్థానం తీసివేస్తే ప్రతిసారీ 4 వస్తుంది. బంతి నేరుగానే వచ్చింది, మిడిల్ స్టంప్‌కు 4 సెంటీమీటర్ల కుడివైపున తగులుతుంది. అవుట్!

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. కెమెరా ఒకే వేగంతో తిరిగితే నేరుగా వచ్చే బంతి ఏటవాలుగా వస్తున్నట్లు కనిపిస్తుంది. మెల్లగా మొదలై వేగం అందుకుంటే, లేని వంపు పుడుతుంది. బౌలర్ చేయని స్వింగ్ కెమెరామన్ చేస్తాడన్నమాట.

ఎల్బీడబ్ల్యూలో స్టంపులను తరచుగా బ్యాట్స్‌మన్ కాళ్లు కప్పేస్తాయి. అప్పుడు క్రీజు గీతల మూలను గానీ, సైట్ స్క్రీన్ అంచును గానీ గుర్తుగా తీసుకోవాలి. కెమెరా ఉన్నచోటే ఉండి కొంచెం తిరిగినంతవరకు దగ్గరి వస్తువులూ దూరపు వస్తువులూ తెరమీద దాదాపు ఒకేలా జరుగుతాయి కాబట్టి ఏ గుర్తయినా పనికొస్తుంది. కెమెరానే చోటు మారితే అలా జరగదు, దగ్గరివి ఎక్కువ జరుగుతాయి. అంపైరును, ఫీల్డర్లను, బొమ్మలు మారే ప్రకటనల బోర్డులను మాత్రం గుర్తుగా పెట్టుకోరాదు.

ఒక గుర్తు చాలదు, రెండు కావాలి. రెండు గుర్తుల మధ్య దూరం బొమ్మ బొమ్మకూ పెరుగుతుంటే కెమెరామన్ జూమ్ చేస్తున్నాడని అర్థం. అప్పుడు ఒక పిక్సెల్‌కు ఎన్ని సెంటీమీటర్లో ప్రతి బొమ్మకూ మళ్లీ కట్టాలి. సవరణ సరిగా జరిగిందో లేదో తెలియాలంటే లెక్కలో వాడని మూడో గుర్తును చూడాలి. సవరించాక అది ఉన్నచోటే ఉండాలి. అదీ కదులుతుంటే ఆ లెక్కను నమ్మరాదు.

ఇంత చేసినా ఒకే కెమెరాతో బంతి ఎంత దూరంలో ఉందో సరిగా తెలియదు. పైగా బంతి మసకగా ఉండి గుర్తించడంలో ఒక పిక్సెల్ అటూ ఇటూ అయితే, దారిని స్టంపుల వరకు పొడిగించేటప్పటికి ఆ తప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే 2001లో ఇంగ్లండ్‌లో టీవీలోకి వచ్చిన హాక్-ఐ పద్ధతిలో మైదానం చుట్టూ బిగించిన వేరే కెమెరాలను వాడతారు. టీవీ వీడియో మీద మన లెక్కలో బంతి స్టంప్ అంచును తాకీతాకనట్లు వస్తే, అవుటని గానీ నాటౌటని గానీ పందెం కాయకండి.