నాలుగేళ్ళ పిల్లాడు మాట్లాడకపోతే: బిడియమా, అలవాటు లేకా, భాషా లోపమా?

వినికిడి బాగానే ఉండి, ఆటిజం, మేధో వైకల్యం వంటివేవీ లేకపోయినా కొందరు పిల్లలకి భాష అబ్బడమే కష్టమవుతుంది. ఆ కష్టం ఏళ్ళ తరబడి ఉంటుంది. ఈ స్థితినే డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్, పొట్టిగా డీఎల్‌డీ అంటారు. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త డోరతీ బిషప్ చొరవతో నిపుణులు చర్చించుకుని 2017లో ఈ పేరును ఖాయం చేశారు. ఇంగ్లండ్‌లో కొత్తగా బడిలో చేరిన పిల్లల మీద జరిగిన ఒక పెద్ద సర్వేలో నూటికి ఏడుగురికి పైగా ఈ ఇబ్బంది కనిపించింది.

నర్సరీ టీచరు కళ్ళకి మాత్రం ఇది విడిగా కనబడదు. సిగ్గరి పిల్లాడూ నోరు మెదపడు, బడిలో వాడే భాష కొత్తయిన పిల్లాడూ మెదపడు, డీఎల్‌డీ ఉన్నవాడూ మెదపడు. లోపల జరిగేది మాత్రం వేరు. బిడియం మాట బయటికి రావడాన్ని ఆపుతుంది. భాష చాలినంత చెవిన పడకపోతే ఆ భాషలో మాటలు తక్కువుంటాయి. డీఎల్‌డీ నేర్చుకోవడాన్నే దెబ్బతీస్తుంది కాబట్టి పిల్లాడి చెవిన పడే ప్రతి భాషలోనూ దాని ఆనవాలు కనబడుతుంది. స్పీచ్ థెరపిస్టు పరీక్షంతా ఈ తేడాను పట్టుకోవడానికే.

ఉదాహరణకి హైదరాబాద్‌లో నాలుగేళ్ళ మూడు నెలల బాబు ఒకడున్నాడనుకుందాం. ఇంట్లో తెలుగు, అపార్ట్‌మెంట్‌లో తోటి పిల్లలతో హిందీ, ఎనిమిది నెలలుగా ఇంగ్లీషు మీడియం నర్సరీ. "క్లాసులో ఒక్క మాట మాట్లాడడు" అని టీచరు ఫిర్యాదు. "వాళ్ళ నాన్నా ఆలస్యంగానే మాట్లాడాడు, అదే వస్తుందిలే" అని నాయనమ్మ ధీమా. ధైర్యం చెప్పడానికి అన్న ఆ మాటను థెరపిస్టు జాగ్రత్తగా రాసుకోవాలి, ఎందుకంటే డీఎల్‌డీ కుటుంబాల్లో రావడం ఎక్కువ.

మొదట వినికిడి. శబ్దం వినబడినప్పుడల్లా డబ్బాలో ఒక చెక్కముక్క వేయమని ఆటలా పరీక్షిస్తారు. చెవిలో గాలి ఒత్తిడిని మార్చి చూసే టింపనోమెట్రీ కూడా అవసరం. పదేపదే జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక ద్రవం చేరి, వినికిడి ఒక నెల తగ్గి, మరో నెల బాగుపడుతుంటుంది. ఇది తేలకుండా మిగతా పరీక్షలు పెడితే ఫలితాన్ని నమ్మలేం.

తరవాత ఏ భాష ఎంత చెవిన పడుతోందో లెక్క తీస్తారు. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఎవరు, ఏ భాషలో, ఎంతసేపు పిల్లాడితో మాట్లాడతారో గంటల వారీగా అడుగుతారు. టీవీ మోగుతున్న సమయాన్ని ఇందులో కలపరు, ఎందుకంటే అది పిల్లాడి మాటకి బదులివ్వదు. మన బాబుకి పుట్టినప్పటి నుంచీ రోజుకి ఏడెనిమిది గంటల తెలుగు దొరికింది. ఎనిమిది నెలల ఇంగ్లీషులో వెనకబడితే ఆశ్చర్యం లేదు, కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్ని నెలలు మౌనంగా ఉండటం మామూలే. కానీ తెలుగులో కూడా తడబడితే దాన్ని ఇంగ్లీషు మీదికి నెట్టలేం. రెండు మూడు భాషలు వినడం వల్ల డీఎల్‌డీ రాదు.

బిడియం సంగతి తేల్చడానికి క్లినిక్ మంచి చోటు కాదు. అందుకే ఇంట్లో అన్నం తింటున్నప్పుడో, ఆడుకుంటున్నప్పుడో అమ్మతో మాట్లాడే వీడియో తీసుకురమ్మంటారు. సిగ్గరి పిల్లాడు అందులో గలగలా మాట్లాడతాడు, వాక్యాలు వయసుకి తగ్గట్టుంటాయి. ఇంట్లో ధారాళంగా మాట్లాడుతూ, బడిలో మొదటి నెల గడిచాక కూడా ఒక్క మాటా మాట్లాడకపోతే అది సెలెక్టివ్ మ్యూటిజం కావచ్చు. దాని చికిత్స వేరు. మన బాబు వీడియోలో హుషారుగానే ఉన్నాడు, మాటలూ చాలానే ఉన్నాయి. కానీ "అక్క బొమ్మ... నేను తిన్నాడు... అది ఇది పెట్టు" అన్న ధోరణి. నాలుగేళ్ళ తెలుగు పిల్లలు సాధారణంగా "నేను తిన్నాను", "అక్క తినింది" అనడంలో తడబడరు. వాక్యాలు చిన్నవి, విభక్తులు జారిపోయాయి, వస్తువుల పేర్లకి బదులు "అది", "ఇది".

ఇక్కడొక జాగ్రత్త ఉంది. శ్రీకాకుళం పిల్లాడి మాటనీ కరీంనగర్ పిల్లాడి మాటనీ పాఠ్యపుస్తకం తెలుగుతో పోల్చి తప్పులు లెక్కపెట్టకూడదు. ఇంట్లోవాళ్ళు ఎలా అంటారో అదే కొలత.

అర్థం చేసుకోవడాన్ని మాట్లాడించకుండానే చూడవచ్చు, సిగ్గు అడ్డురాదు. "ఎర్ర డబ్బా కింద బంతి పెట్టు" అంటారు, చేత్తో చూపరు, చూపు కూడా ఆ వైపు తిప్పరు. ఇంట్లో "వాడికి అన్నీ అర్థమవుతాయి" అనిపించడానికి కారణం చాలాసార్లు ఆ సైగలే. చెప్పులు చేతిలో పట్టుకుని "బయటికెళ్దామా" అంటే ఏ పిల్లాడైనా తలుపు దగ్గరికి పరుగెత్తుతాడు. మన బాబు బంతిని డబ్బాలో వేశాడు. బంతి, డబ్బా తెలుసు, "కింద" అన్నది జారిపోయింది.

తరవాత విన్నది విన్నట్టు చెప్పించడం. "అమ్మ ఇచ్చిన అరటిపండు తమ్ముడు తినేశాడు" అంటే బాబు "అమ్మ అరటిపండు తమ్ముడు తిన్నాడు" అన్నాడు. "ఇచ్చిన" ఎగిరిపోవడంతో రెండు పనుల మధ్య ముడి విడిపోయింది. దీనికి తోడు అర్థంలేని మాటలు చెప్పిస్తారు: "మిటుక", "బలుకేని", "దొనుపాకిరె". ఇవి ఎవరూ విననివి కాబట్టి ఇంట్లో ఎంత భాష చెవిన పడిందన్న దాని ప్రభావం వీటి మీద తక్కువ. రెండు మూడక్షరాల మాటలు పలికి, నాలుగైదు అక్షరాల దగ్గర విరిగిపోతే శబ్దాలను మనసులో నిలుపుకోవడం కష్టమవుతోందని అనుమానించాలి. పిల్లాడు ఎప్పుడూ "ర" బదులు "ల" పలికేవాడైతే ఆ తేడాను తప్పుగా లెక్కించకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది నేర్పి చూడటం. పట్నం పిల్లలకి తెలియని కవ్వం, జల్లెడ, గరాటు తెచ్చి, ముందు తెలియదని రూఢి చేసుకుని, ఆటలో ఒక్కోదాని పేరు పదిసార్ల దాకా వినిపిస్తారు. వారం తరవాత మళ్ళీ అడుగుతారు. మాటలు వినే అవకాశమే తక్కువైన పిల్లాడు సాధారణంగా త్వరగా అందుకుంటాడు, ఇన్నాళ్ళూ అతనికి దొరకనిది అవకాశమే కదా. మన బాబు ఆ రోజు కవ్వాన్ని చూపించాడు, పేరు చెప్పలేకపోయాడు. వారానికి మూడూ కలగలిసిపోయాయి.

తెలుగులో పెద్ద సంఖ్యలో పిల్లల మీద ప్రామాణీకరించిన పరీక్షలు తక్కువ. ఇంగ్లీషు పరీక్షను అనువదించి దాని మార్కుల పట్టికనే వాడితే లెక్క తప్పుతుంది, ఒక భాషలో తేలికైనది మరో భాషలో కష్టం కావచ్చు. కాబట్టి ఒక్క మార్కు మీద తీర్పు చెప్పరు. వినికిడి బాగుంది, తెలుగు దండిగా విన్నాడు, ఇంట్లో కూడా వాక్యం విరుగుతోంది, అర్థం చేసుకోవడంలోనూ కొత్త మాట నేర్చుకోవడంలోనూ ఇబ్బంది ఉంది, ఇంట్లో ఆటల్లో పేచీలు పెరుగుతున్నాయి. ఇవన్నీ ఒకే వైపు చూపుతున్నాయి కాబట్టి ఈ బాబు విషయంలో డీఎల్‌డీ అనడానికి ఆధారం గట్టిగా ఉంది. మాటలు రాని పిల్లాడు వెక్కిరింతలు పడి సిగ్గరి కూడా కావచ్చు, ఒకటి ఉందని రెండోది లేదనుకోకూడదు.

ఆధారాలు అటూ ఇటూగా ఉన్న పిల్లాడి విషయంలో పేరు పెట్టడం ఆపి, మూడు నాలుగు నెలలు థెరపీ ఇచ్చి, వేరే మాటలతో అవే పరీక్షలు మళ్ళీ పెడతారు. ఈలోగా ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి అన్న సలహా పాటించకూడదు. నాయనమ్మకి బాగా వచ్చిన భాష ఆగిపోతే పిల్లాడు వినే మాటే తగ్గిపోతుంది, రెండోసారి పరీక్షలో ఏది ఎందువల్ల వచ్చిందో తేల్చడం మరీ కష్టమవుతుంది.