మీకు తెలుసా? కసరత్తయ్యాక చన్నీళ్లలో కూర్చుంటే కండ పెరుగుదల తగ్గుతుంది!

బరువులెత్తిన ప్రతిసారీ వెంటనే మంచునీళ్ల తొట్టెలో కూర్చుంటే కండ తక్కువగా పెరుగుతుంది. 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన సంగతి ఇది. 12 వారాలు కాళ్ల కసరత్తు చేసిన యువకుల్లో, 10 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు కూర్చున్నవారికి తొడ ముందరి కండ సగటున 103 గ్రాములు పెరిగింది. దానికి బదులు నెమ్మదిగా సైకిల్ తొక్కినవారికి 309 గ్రాములు!

నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్ష ఇంకా తమాషా. కసరత్తయ్యాక ఒక కాలు 8 డిగ్రీల నీళ్లలో, రెండోది 30 డిగ్రీల నీళ్లలో పెట్టించారు. తాగిన ప్రోటీన్‌ను చల్లబడిన కాలు తక్కువగా వాడుకుంది.

వరుస మ్యాచ్‌లు ఆడేవారి లెక్క వేరు, వాళ్లకు మర్నాటికి నొప్పులు తగ్గడమే ముఖ్యం. కండ కోసం చెమటోడ్చేవారు మాత్రం చన్నీళ్ల తొట్టెను కసరత్తు లేని రోజుకు వాయిదా వేసుకోండి.