అపాయింట్‌మెంట్ లెటర్లో రాయని మాట ఎవరికి నష్టం?

రాయల్పాడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి నరసాపుర, వేమగల్ ఫ్యాక్టరీల్లో చేరే పిల్లలు జీతం ఎంతని అడుగుతారు. ఆ జీతం ఎన్ని గంటల పనికి అన్నది లెటర్లో ఉందా అని చూసేవాళ్లు తక్కువ. 2020 డిసెంబరు 12న నరసాపురలోని విస్ట్రాన్ ఐఫోన్ ఫ్యాక్టరీలో జరిగిన గొడవ వెనక ఉన్నదీ ఇలాంటి ఫిర్యాదే: చేరేటప్పుడు చెప్పిన జీతం వేరు, చేతికి వచ్చింది వేరు. పని గంటల లెక్క సరిగా నిర్వహించక అక్టోబరు, నవంబరు నెలల్లో కొందరికి చెల్లింపులు ఆలస్యమయ్యాయని ఆపిల్ కూడా ఒప్పుకుంది.

ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ చెబుతోంది. అది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కేంద్రం ముసాయిదా నియమాల్లోని నమూనా ప్రకారం పత్రంలో హోదా, నైపుణ్య శ్రేణి, చేరిన తేదీ, మూల వేతనం, కరువు భత్యం, ఇతర అలవెన్సులు, పీఎఫ్, ఈఎస్‌ఐ వివరాలు, చేయాల్సిన పని ఉండాలి. కర్ణాటకలో దుకాణాలు, వాణిజ్య సంస్థలకు 1961 నాటి రాష్ట్ర చట్టం ఉంది. అందులో చేరిన 30 రోజుల్లోగా పేరు, హోదా, వేతన స్కేలు, షరతులు రాసి ఇవ్వాలని ఉంది. ఏజెన్సీ ద్వారా చేరితే లెటర్ మీద యజమానిగా ఎవరి పేరుందో మొదట చూడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లెటర్లో మూడే మాటలున్నాయి: 'నెలకు రూ.15,600. పని వేళలు కంపెనీ అవసరాన్ని బట్టి. తొలగిస్తే నోటీసు బదులు ఒక నెల జీతం.' చేరిన అమ్మాయి వారానికి ఆరు రోజులు, రోజుకు పది గంటలు పని చేస్తోంది.

మొదటి తగాదా గంటల మీద. పది గంటలకు కలిపే 15,600 అని కంపెనీ వాదన. కానీ ఎన్ని గంటలకని లెటర్ చెప్పలేదు. పత్రం ఊరుకున్న చోట చట్టం మాట్లాడుతుంది: మామూలు పని దినం ఎనిమిది గంటలు, దాటితే రెట్టింపు రేటు. 26 పని దినాలకు 15,600 అంటే రోజుకు 600, గంటకు 75, ఓవర్‌టైమ్‌కు 150. వారానికి 12 అదనపు గంటలకు రూ.1,800 రావాలి. 'కంపెనీ అవసరాన్ని బట్టి' అన్న మాట ఈ హక్కును కొట్టేయలేదు.

రెండో తగాదా నోటీసు జీతం మీద. ఆమెను తీసేసేటప్పుడు, మూల వేతనం 9,000, మిగతాది అలవెన్సులు, కాబట్టి 9,000 ఇస్తామంటారు. లెటర్లో ఆ విడగొట్టడం లేదు. 'ఒక నెల జీతం' అన్నదాన్ని రెండు రకాలుగా చదవొచ్చంటే, ఆ అస్పష్టత తెచ్చింది రాసినవారే. కాబట్టి రాసినవారికి వ్యతిరేకంగా ఉండే అర్థాన్నే తీసుకోవాలన్నది ఒప్పంద చట్టంలో పాత సూత్రం.

సుప్రీంకోర్టు 2009లో బ్యాంక్ ఆఫ్ ఇండియా, కె.మోహన్‌దాస్ కేసులో ఇదే సూత్రాన్ని వాడింది. 2000 నాటి స్వచ్ఛంద విరమణ పథకాన్ని తయారు చేసింది బ్యాంకులే. పెన్షన్ లెక్కకు అదనంగా ఐదేళ్ల సర్వీసు కలపాలా వద్దా అన్నది తగాదా. పథకంలోని మాటల్లో స్పష్టత లేకపోతే ఆ భారం రాసిన బ్యాంకులదే అని కోర్టు తేల్చింది. 20 ఏళ్ల సర్వీసు నిండినవారికి ఆ ప్రయోజనం దక్కింది.

ఈ సూత్రానికి హద్దులున్నాయి. మాట నిజంగా రెండర్థాలకు తావిస్తేనే అది పని చేస్తుంది. స్పష్టంగా రాసిన షరతు మనకు నచ్చలేదని మారదు, చట్టం కంటే తక్కువ ఇస్తే తప్ప. పత్రం ఊరుకున్న ప్రతిచోటా ఉద్యోగికి లాభమనీ అనుకోకూడదు. ప్రొబేషన్ సంగతే చూడండి. గరిష్ఠ గడువును నియమాలే నిర్ణయించి, అది దాటాక కూడా కొనసాగిస్తే పర్మినెంట్ అయినట్టేనని 1968లో ధరమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గరిష్ఠ గడువే లేకపోతే, మామూలుగా ప్రొబేషన్ కొనసాగుతున్నట్టే లెక్క.

లెటర్ అసలు ఇవ్వకపోతే? ఉద్యోగం పోదు, హక్కూ పోదు. బ్యాంకు ఖాతాలో పడ్డ జీతం, గుర్తింపు కార్డు, హాజరు, సూపర్‌వైజరు పంపిన వాట్సాప్ షిఫ్టు పట్టిక సాక్ష్యాలవుతాయి. వేతనాల కోడ్ ప్రకారం మూడేళ్లలోగా క్లెయిమ్ వేయొచ్చు, బకాయి చెల్లించామని రుజువు చేసే భారం యజమానిదే. అందుకే సంతకం పెట్టిన రోజే లెటర్ మొత్తాన్ని ఫోటో తీసుకుని, గంటలు, జీతం విడగొట్టిన తీరు, యజమాని పేరు ఈ మూడూ ఉన్నాయో లేవో చూడాలి. లేకపోతే, 'ఇవి రాసి ఇవ్వండి' అని ఫోన్ మెసేజ్‌లోనైనా అడగాలి. అడిగినట్టు తేదీతో సహా రుజువు మిగులుతుంది.